మెరూన్ రెగ్జిన్ సోఫాని బాటిల్ గ్రీన్ చేయడం: మెరుపు చెడకుండా రంగు ఒక్కటే మార్చే పద్ధతి

ప్రశ్న: మా మామయ్యకి నాంపల్లిలో ఫర్నిచర్ షాపు ఉంది. మెరూన్ రెగ్జిన్ సోఫా ఒక్కటే పీస్ ఉంది, కేటలాగ్‌లో మాత్రం అదే మోడల్‌ని బాటిల్ గ్రీన్‌లోనూ క్రీమ్‌లోనూ చూపించమంటున్నారు. ఫోటోషాప్‌లో Hue జరిపితే ప్లాస్టిక్ కుర్చీలా అవుతోంది. Color మోడ్‌లో గ్రీన్ వేస్తే ట్యూబ్‌లైట్ మెరుపులు కూడా ఆకుపచ్చగా మారిపోతున్నాయి. రెగ్జిన్ రెగ్జిన్‌లాగే ఉండి రంగు మాత్రం మారాలంటే ఎలా?

జవాబు:

ముందు ఆ రెండు పద్ధతులూ ఎందుకు చెడుతున్నాయో చూద్దాం. కారణం తెలిస్తే మందు అందులోనే ఉంది.

రెగ్జిన్ మీద పడ్డ వెలుతురు రెండు దారుల్లో మన కంటికి చేరుతుంది. కొంత పైపూత మీదే తగిలి అద్దం మీద నుంచి వచ్చినట్టు వెనక్కి వస్తుంది. దానికి సోఫా రంగు అంటదు. ట్యూబ్‌లైట్ తెల్లగా ఉంటే ఆ మెరుపు కూడా తెల్లగానే ఉంటుంది. ఎదురుగా చూసినప్పుడు ఇలా వచ్చేది సుమారు 4 శాతమే, కానీ హ్యాండ్‌రెస్ట్ అంచుల్లాంటి చోట ఏటవాలుగా చూస్తే చాలా పెరుగుతుంది. మిగతా వెలుతురు పూత లోపలికి వెళ్లి, అక్కడి రంగులో తిరిగి, మెరూన్ అయి బయటికి వస్తుంది. మొదటిదాన్ని పైమెరుపు అనీ రెండోదాన్ని లోరంగు అనీ పిలుచుకుందాం. ఫోటోలో ప్రతి పిక్సెల్ ఈ రెండింటి కూడికే. మనం మార్చాల్సింది లోరంగు ఒక్కటే.

Color మోడ్‌కి ఈ తేడా తెలియదు. వెలుగునీడల్ని అలాగే ఉంచి, కింద ఏముందో చూడకుండా అంతటా ఆకుపచ్చ పరుస్తుంది. మెరుపు మీద కూడా రంగు పడేది అందుకే.

Hue స్లైడర్ తప్పు వేరు. అచ్చమైన తెలుపుని అది ముట్టుకోదు, కానీ వెలుగు లెక్క తప్పుతుంది. మీ మెరూన్ (110, 25, 35) అనుకోండి. దాన్ని ఆకుపచ్చ వైపు తిప్పితే (25, 110, 76) వస్తుంది. అంకెలు అటూ ఇటూ మారాయి తప్ప పెరగలేదు కదా అనిపిస్తుంది. కానీ కంటికి ఎరుపు కంటే ఆకుపచ్చ ఎన్నో రెట్లు వెలుగుగా కనిపిస్తుంది కాబట్టి సోఫా ఒళ్లంతా దాదాపు మూడు రెట్లు వెలుగు పెరిగినట్టు లెక్క. తెల్లటి మెరుపులు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఒంటికీ మెరుపుకీ మధ్య ఉన్న ఎడం మూడో వంతుకి పడిపోయింది. మీరు ప్లాస్టిక్‌లా ఉందంటున్నది దీన్నే. Saturation తగ్గించి, Lightness తగ్గించి సర్దబోతే మెరుపు కూడా బూడిదరంగుకి దిగుతుంది.

ఇక మందు సంగతి. మీ ఫోటోలో చానెల్స్‌ని విడివిడిగా తెరిచి చూడండి. ఆకుపచ్చ చానెల్‌లో సోఫా దాదాపు నల్లగా ఉండి, మెరుపులు మాత్రం తెల్లగా తేలి కనిపిస్తాయి. మెరూన్ పూత ఆకుపచ్చ వెలుతురుని మింగేస్తుంది, కాబట్టి ఆ చానెల్‌కి చేరింది ఎక్కువ భాగం పైమెరుపే. ఎరుపు చానెల్‌లో మాత్రం లోరంగూ పైమెరుపూ రెండూ ఉంటాయి. అంటే ఎరుపులోంచి ఆకుపచ్చ తీసేస్తే దాదాపు లోరంగు ఒక్కటే మిగులుతుంది. ముదురు, నిండు రంగు సోఫా దొరకడం ఈ పనికి అదృష్టమే. బూడిద రంగుదో తెల్లదో అయితే ఈ ఎడం దొరికేది కాదు.

ఒక షరతు ఉంది. ఈ తీసివేతలూ కూడికలూ అసలు వెలుతురు కొలతల మీద జరగాలి. మామూలు ఫైల్‌లో ఉండే 0 నుంచి 255 అంకెలు కంటికి అనువుగా వంచినవి, వాటి మీద నేరుగా లెక్క చేస్తే మెరుపుల అంచులు పాడవుతాయి. ఫోటోషాప్‌లో Image > Mode > 32 Bits/Channel లోకి మారిస్తే లెక్కంతా అసలు వెలుతురు మీదే నడుస్తుంది.

సోఫా షాపులోనే ఉంది కాబట్టి ఫోటో మళ్లీ తీయండి. కెమెరా స్టాండ్ మీద పెట్టి, రా ఫైల్‌లో. జేపెగ్ ఎందుకు వద్దంటున్నానంటే, అది వెలుగుని పూర్తి వివరంతో దాచినా రంగుల తేడాని మామూలుగా సగం కొలతకి కుదించి దాస్తుంది. మనకి కావలసిన ఎరుపు మైనస్ ఆకుపచ్చ అనేది సరిగ్గా ఆ రంగుల తేడాయే. జేపెగ్‌తో చేస్తే కుట్ల దగ్గర రంగు చదరాలు చదరాలుగా కనబడుతుంది.

తీసేటప్పుడు రెండు జాగ్రత్తలు. మన షోరూముల్లో పైన తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబులు, మూలల్లో పసుపు స్పాట్‌లైట్లు, ముందు గాజు తలుపులోంచి ఎండ, మూడూ కలిసి ఉంటాయి. పసుపు లైట్లు ఆర్పేయండి. పసుపు మెరుపులో ఎరుపు ఎక్కువ కాబట్టి మన లెక్క దాన్ని కూడా సోఫా రంగనుకుని ఆకుపచ్చ చేస్తుంది. గాజు తలుపు వెలుగు బలంగా ఉంటే షట్టర్ సగం దించండి, లేదా చీకటి పడ్డాక తీయండి. రెండోది, వైట్ బ్యాలెన్స్. సోఫా మీద కనిపించే ట్యూబ్‌లైట్ ప్రతిబింబం మీద క్లిక్ చేస్తే ఎరుపు, ఆకుపచ్చ అంకెలు సమానంగా రావాలి. ఆ ప్రతిబింబం పూర్తిగా తెల్లబడిపోయి 255 కొట్టిన చోట కాకుండా దాని పక్కన, కాస్త తక్కువగా ఉన్న చోట చూడండి.

అసలైన బాటిల్ గ్రీన్ రెగ్జిన్ ముక్క షేడ్ కార్డులో ఉంటుంది కదా, దాన్ని సోఫా సీటు మీద పరిచి అదే కెమెరా సెట్టింగుల్లో ఇంకో ఫోటో తీయండి. ఫోన్‌లో చూసి ఊహించిన గ్రీన్‌కీ ఆ లైట్ల కింద ఆ ముక్క కనిపించే గ్రీన్‌కీ పొంతన ఉండదు. రేపు సోఫా ఇంటికి వచ్చాక రంగు వేరే ఉందని కస్టమర్ పేచీ పెట్టేది ఇక్కడే.

రెండు ఫోటోలనీ ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి, 16 బిట్‌లో ఉండగానే రంగు కొలవండి. ఐడ్రాపర్‌ని 5 by 5 Average లో పెట్టి, మెరుపు లేని చదును చోట మెరూన్ ఎంతో, ముక్క మీద గ్రీన్ ఎంతో రాసుకోండి. రెండూ సీటు మీద దగ్గర దగ్గర చోట్ల నుంచే తీసుకోవాలి, వెలుతురు మారకూడదు. ఉదాహరణకి మెరూన్ (110, 25, 35), గ్రీన్ (20, 70, 50) వచ్చాయనుకుందాం.

ఈ రెండు రంగుల నుంచి మనకి కావలసినవి మూడే అంకెలు. చేత్తో లెక్కపెట్టడం విసుగు, ఈ ఎనిమిది లైన్లు పైథాన్‌లో వేయండి:

```python
def lin(v):
    v = v / 255
    return v / 12.92 if v <= 0.04045 else ((v + 0.055) / 1.055) ** 2.4

Ro, Go, Bo = map(lin, (110, 25, 35))   # old
Rn, Gn, Bn = map(lin, (20, 70, 50))    # new
D = Ro - Go
for k in ((Rn - Go) / D, (Gn - Go) / D, (Bn - Bo) / D):
    print(round(100 * k))
```

వచ్చే జవాబు −2, 35, 10. ఎరుపుకీ ఆకుపచ్చకీ మధ్య ఉన్న తేడాలో ఎన్నో వంతుని ఏ చానెల్‌లో కలపాలో ఇవి చెబుతాయి. ఇప్పుడు ఫైల్‌ని 32 బిట్‌లోకి మార్చి, పైన ఒక Channel Mixer అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేసి ఇలా నింపండి:

```
Output Red   :  Red  -2   Green +102   Blue    0
Output Green :  Red +35   Green  +65   Blue    0
Output Blue  :  Red +10   Green  -10   Blue +100
```

మూడు వరసల్లోనూ మొత్తం 100 రావడం గమనించండి. కింద Total అని ఫోటోషాప్ కూడా చూపిస్తుంది. కీలకమంతా ఆ వందలోనే ఉంది. తెలుపు, బూడిద, నలుపు పిక్సెళ్లలో మూడు చానెళ్లూ సమానం కాబట్టి వరస మొత్తం 100 అయినప్పుడు అవి ఉన్నవి ఉన్నట్టే బయటికి వస్తాయి. పైమెరుపు దానంతట అదే కాపాడబడుతుంది. మెరుపులకి విడిగా మాస్క్ గీయాల్సిన పని లేదు. వరసలో 100 కాకుండా 97 వచ్చిందంటే ఎక్కడో అంకె తప్పు కొట్టారని అర్థం.

ఒక పిక్సెల్ మీద చూద్దాం. హ్యాండ్‌రెస్ట్ మీద మెరుపు మొదలయ్యే చోట (150, 95, 100) ఉందనుకోండి, అంటే సగం మెరుపు, సగం మెరూన్ కలిసిన గులాబీ మాదిరి రంగు. మిక్సర్ దాన్ని (93, 118, 107) చేస్తుంది, కాస్త ఆకుపచ్చ జీర ఉన్న బూడిద. అదే చోట Hue స్లైడర్ ఇచ్చేది (95, 150, 129), పుదీనా చట్నీ రంగు. రెగ్జిన్‌కీ ప్లాస్టిక్‌కీ తేడా ఆ అంచుల్లోనే తేలిపోతుంది. గింజ గింజగా కనిపించే రెగ్జిన్ గరుకు కూడా ఎక్కువ భాగం పైమెరుపులోనే ఉంటుంది: ప్రతి చిన్న బొడిపె ఒక పక్క మెరుస్తుంది, ఇంకో పక్క మెరవదు. పైమెరుపుని కదపలేదు కాబట్టి ఆ గరుకు కూడా చెక్కుచెదరదు.

మాస్క్ విషయానికి వస్తే, సోఫాని మాత్రమే గట్టిగా కత్తిరించినట్టు గీస్తే దొరికిపోతారు. షోరూముల్లో నేల సాధారణంగా మెరిసే విట్రిఫైడ్ టైల్స్. అందులో సోఫా కాళ్ల దగ్గర మెరూన్ నీడ తిరగబడి కనిపిస్తుంది. పక్క గోడ మీద, తెల్ల కుషన్ మీద కూడా లేత ఎర్ర ఛాయ పడుతుంది. పైన ఆకుపచ్చ సోఫా, కింద ఎర్ర నీడ ఉంటే ఎందుకో చెప్పలేకపోయినా చూసినవాళ్లకి ఎబ్బెట్టుగా ఉంటుంది. దీనికి వేరే లెక్క అక్కర్లేదు, అదే మాస్క్‌ని మెత్తటి బ్రష్‌తో నేల మీదకీ గోడ మీదకీ కుషన్ మీదకీ విస్తరించండి. టైల్ తెల్లదో బూడిదదో అయితే దాని రంగు మారదు, దాని మీద పడ్డ మెరూన్ మాత్రమే అంతే పాళ్లలో ఆకుపచ్చ అవుతుంది. ఈ పద్ధతి మీద నాకున్న ఇష్టం సగం ఇందుకే. టైల్ ఐవరీ రంగుదైతే దానికే కొంచెం ఎరుపు ఎక్కువ కాబట్టి పచ్చదనం పాకుతుంది. అక్కడ మాస్క్‌ని సగానికి తగ్గించి కంటితో సర్దుకోవాలి.

టేకు కాళ్లు, ఇత్తడి మేకులు మాత్రం మాస్క్‌లోంచి కచ్చితంగా తప్పించండి. చెక్కలోనూ ఇత్తడిలోనూ ఎరుపు ఆకుపచ్చని మించి ఉంటుంది, అవీ రంగు మారిపోతాయి. సోఫా మీద మనిషి కూర్చుని ఉంటే చర్మం కూడా అంతే.

అయ్యాక తిరిగి 16 బిట్‌కి తేవాలి. ఫోటోషాప్ లేయర్లని కలపమని అడిగి HDR Toning అనే కిటికీ తెరుస్తుంది. అందులో Method దగ్గర Exposure and Gamma ఎంచుకుని, Exposure 0, Gamma 1 పెట్టండి. అక్కడ మొదట కనిపించే పద్ధతిని అలాగే వదిలి OK కొడితే చేసిన పనంతా వేరే వెలుగులోకి వెళ్లిపోతుంది. లేయర్లున్న 32 బిట్ ఫైల్‌ని అంతకుముందే విడిగా దాచుకోండి.

తప్పు జరిగితే ఎలా కనిపిస్తుందో కూడా చెబుతాను. మెరుపు చుట్టూ ముదురు బూడిద వలయం వచ్చిందంటే ఫోటో తీసేటప్పుడే ఎరుపు చానెల్ 255 దగ్గర కొట్టుకుంది. ఎరుపు పైకి ఎక్కలేక ఆగిపోతే తేడా తక్కువగా లెక్కకి వచ్చి, అక్కడ గ్రీన్ చేరదు. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి మళ్లీ తీయడమే దారి, ఎడిటింగ్‌లో దీనికి విరుగుడు లేదు. మెరుపులన్నిట్లో పలచని ఆకుపచ్చ కనబడితే వైట్ బ్యాలెన్స్ వెచ్చగా ఉంది. చదును చోట్ల గ్రీన్ సరిపోయి, ముడతల నీడల్లో మాత్రం గ్రీన్ మరీ ముదిరి నలుపుకి తిరిగినట్టు కనిపిస్తే, మెరూన్ కొలిచిన చోట పలచటి మెరుపు కలిసి ఉందన్నమాట. కాస్త నీడ వైపు జరిగి మళ్లీ కొలవండి. కొలత మారితే కోడ్‌లో అంకెలు మార్చి కొత్త వరసలు నింపడం నిమిషం పని.

ఇక క్రీమ్. ఇక్కడ మామయ్యగారిని కొంచెం నిరాశపరచక తప్పదు. క్రీమ్ (225, 210, 180) పెట్టి అదే కోడ్ నడిపితే మొదటి అంకె 500 దాటుతుంది. Channel Mixer 200 దాటనివ్వదు, అది చిన్న సమస్య, వేరే దారిలో దాటొచ్చు. అసలు సమస్య ఏమిటంటే, మెరూన్ ఇచ్చిన కొద్దిపాటి వెలుతురుని అయిదు రెట్లు పెంచుతున్నాం, దాంతో పాటు ఫోటోలోని నాయిస్ కూడా అయిదు రెట్లు పెరుగుతుంది. నీడ ఉన్న చోటల్లా ఇసుక చల్లినట్టు ఉంటుంది.

అంతకంటే లోతైన చిక్కు ముడతల్లో ఉంది. క్రీమ్ సోఫా ముడతలోకి దూరిన వెలుతురు ఒక గోడ నుంచి ఇంకో గోడకి తగిలి తగిలి బయటికి వస్తుంది, అందుకే లేత రంగు సోఫాల్లో ముడతలు మెత్తగా, వెచ్చగా ఉంటాయి. మెరూన్ ముడతలో మొదటి దెబ్బకే వెలుతురు చాలావరకు ఇంకిపోతుంది. మీ ఫోటోలో ఆ ముడత నల్లగా ఉంది, రంగు ఎంత మార్చినా నల్లగానే ఉంటుంది. ఫలితం మురికి పట్టిన క్రీమ్ సోఫా. ముడతల వరకు మాస్క్ వేసి Curves తో నీడని లేపి కొద్దిగా పసుపు కలిపితే వాట్సాప్ సైజులో సరిపోతుంది, కేటలాగ్ పేజీకి సరిపోదు. బాటిల్ గ్రీన్‌కి ఈ బాధ రాకపోవడానికి కారణం అదీ మెరూన్ అంత ముదురే కావడం. నేవీ బ్లూ, కాఫీ బ్రౌన్ కూడా నిశ్చింతగా చేయొచ్చు.

క్రీమ్ కావాలంటే లేత సోఫానే ఫోటో తీయడం మేలు. జాంబాగ్‌లోనో తయారీదారు దగ్గరో అదే మోడల్ లేత రంగులో దొరికితే ఒక గంట అడిగి తీసుకోండి. అక్కడ ఇంకో ప్రయోజనం ఉంది. లేత సోఫా ఒక్కటి బాగా తీసుకుంటే లేత రంగులన్నీ దాన్నుంచే చేయొచ్చు. కానీ లేత రంగులో ఎరుపు మైనస్ ఆకుపచ్చ అనే ఎడం ఉండదు కాబట్టి మెరుపుని వేరు చేయడానికి లెన్స్ మీద సర్క్యులర్ పోలరైజర్ కావాలి. కెమెరా కదలకుండా, ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో కదలకుండా పెట్టి, ఫిల్టర్ తిప్పుతూ మెరుపు అన్నిటికంటే తగ్గినప్పుడు ఒకటి, పెరిగినప్పుడు ఒకటి, రెండు ఫోటోలు తీయండి. రెగ్జిన్ లాంటి లోహం కాని వస్తువుల్లో ఏటవాలు మెరుపు ఫిల్టర్‌కి లొంగుతుంది, లోరంగు లొంగదు. 32 బిట్‌లో రెండో ఫోటోలోంచి మొదటిది తీసేస్తే మిగిలేది పైమెరుపు. మొదటి ఫోటోలో రంగు మార్చి, ఆ మెరుపుని Linear Dodge (Add) మోడ్‌లో పైన వేయండి. నేరుగా ఎదురుగా ఉన్న మెరుపుల మీద ఫిల్టర్ పెద్దగా పనిచేయదు కాబట్టి కెమెరాని సీటుకి ఏటవాలుగా పెట్టుకోవాలి.

పైన చెప్పిందంతా ఒకే రకం ఉపరితలానికి. రెగ్జిన్‌ని వెల్వెట్ చేసి చూపించమని అడిగితే ఒప్పుకోకండి. వెల్వెట్ పోగులు అంచుల దగ్గర వెలిగి మధ్యలో నల్లబడతాయి, రెగ్జిన్ మెరుపుతో ఆ లెక్క కలవదు. ఆ ఫోటో వెల్వెట్ సోఫాకే తీయాలి. ఎర్ర కారుకి మాత్రం సాలిడ్ పెయింట్ అయితే ఇదే మిక్సర్ అచ్చంగా పనిచేస్తుంది, పైన ఉండే క్లియర్ కోట్ మన రెగ్జిన్ పూత లాంటిదే. బానెట్ మీద పడ్డ ఆకాశం మాత్రం నీలం కాబట్టి ఎరుపు తక్కువై లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. మబ్బు పట్టిన రోజు తీస్తే ఆ తేడా ఉండదు.